ఖమ్మం వైపు వెళ్లిన కూలి

పేపర్లు దిద్దే లెక్కల మాస్టారికి తప్పులు రెండు రకాలు. మొదటిది అరిచే తప్పు. బావి లోతు మైనస్ ఆరు మీటర్లని వస్తే, రాసిన పిల్లవాడే ఉలిక్కిపడి కొట్టేస్తాడు. రెండోది నోరు మెదపని తప్పు. టార్క్ ఎంతో చెప్పమంటే r·F చేసి ఒక అంకె తెచ్చి, పక్కన న్యూటన్ మీటర్ అని రాసి, చుట్టూ స్కేలుతో పెట్టె గీసి ఇవ్వడం ఈ రెండో రకం. నేను పొద్దున నందిగామలో, సాయంత్రం జగ్గయ్యపేటలో ట్యూషన్ చెబుతాను. మునేరు పక్క పిల్లలైనా, పాలేరు పక్క పిల్లలైనా ఈ విషయంలో మాత్రం ఒక్క కాపీలోంచి రాసినట్టే ఉంటారు.

వాళ్లకు ఇచ్చే లెక్క కూడా పెద్దదేం కాదు. స్థాన సదిశ r = i + 2j + 2k మీటర్లు. బలం F = 2i − 2j + k న్యూటన్లు. మూలబిందువు గురించి టార్క్ ఎంత? చేయాల్సింది r×F. పిల్లవాడు r·F చేస్తాడు. రెండు మైనస్ నాలుగు ప్లస్ రెండు, మొత్తం సున్నా. సున్నా వచ్చిందంటే వాడికి పండగే. లెక్క చక్కగా తేలింది కాబట్టి సరైన దారిలోనే వచ్చానని నమ్మకం. మా దగ్గర పిల్లలకు దేవుడి మీద ఎంత నమ్మకమో, లెక్క చివర సున్నా వస్తే దాని మీదా అంతే నమ్మకం.

"టార్క్ సదిశ కదరా, నీ జవాబులో i, j, k ఏవి?" అన్నాను ఒకడితో.

"సున్నా వచ్చాక ఇంకెక్కడుంటాయి సార్? అన్నీ కొట్టేసుకుపోయాయి" అన్నాడు.

"పోనీ ఇది టార్క్ అని ఎలా అనుకున్నావు?"

"యూనిట్ కలిసింది కద సార్. మీటరు, న్యూటను, రెండూ గుణించాను."

ఇక్కడ వాడిని తిట్టడానికి నోరు రాదు. జవాబు మీద అనుమానం వస్తే యూనిట్లు చూసుకోమని మేమే నెత్తీనోరూ బాదుకుని చెబుతాం. తీరా ఈ లెక్కలో ఆ కాపలాదారు నిద్రపోతాడు. పని అంటే బలం, స్థానభ్రంశాల డాట్. టార్క్ అంటే స్థాన సదిశ, బలాల క్రాస్. రెండింటికీ న్యూటన్ మీటరే. పనికైతే జౌల్ అని వేరే పేరు పెట్టారు, టార్క్‌ని మాత్రం జౌల్ అనకూడదన్నారు. పేరు మారినంత మాత్రాన లోపలి కొలతలు మారవు గనుక, యూనిట్ చూసి ఈ దొంగను పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. పైగా ఆ యూనిట్‌ని N·m అని మధ్యలో చుక్క పెట్టి అచ్చు వేస్తారు. అది మామూలు గుణకారం చుక్కేనని ఎవరు చెప్పాలి? చుక్క కనపడింది కాబట్టి డాట్ చేశానన్న మహానుభావుడు కూడా మా బ్యాచ్‌లో ఉన్నాడు.

ఇప్పుడు క్రాస్ చేద్దాం. i భాగం: 2×1 − 2×(−2) = 6. j భాగం: 2×2 − 1×1 = 3. k భాగం: 1×(−2) − 2×2 = −6. కాబట్టి టార్క్ 6i + 3j − 6k న్యూటన్ మీటర్లు. పరిమాణం 9. r పొడవు 3, F పొడవు 3. వాటిని గుణిస్తే వచ్చేదీ 9. అంటే ఈ బలంతో ఈ దూరంలో రాగలిగినంత టార్క్ పూర్తిగా వచ్చేసింది, ఒక్క రవ్వ కూడా వృథా పోలేదు. సరిగ్గా అక్కడే మనవాడు టార్క్ అసలు లేదని రాశాడు. రెండు సదిశలూ లంబంగా ఉన్నప్పుడు క్రాస్ శిఖరం మీద ఉంటుంది, డాట్ సున్నా అవుతుంది. ఇలాంటి చోట ఈ తప్పు కొంచెం అటూఇటూ పోయేది కాదు. పోతే ఆ కొసకే పోతుంది.

కాగితం మీద ఇది మనసుకు పట్టదని నేను పిల్లలను హైవే పక్క పంక్చర్ షాపు దగ్గర నిలబెడతాను. విజయవాడ, హైదరాబాదు లారీలన్నీ మా ఊళ్ల మీదుగానే పోతాయి గనుక ప్రయోగశాలకు కొరత లేదు. లారీ చక్రం నట్టు బిగుసుకుపోయినప్పుడు మెకానిక్ వీల్ పానాకు ఇనప పైపు తొడిగి చేయి మీటరు పొడవు చేస్తాడు. దాని చివర 500 న్యూటన్లతో, అంటే సుమారు యాభై కిలోల బరువుతో, పానాకు అడ్డంగా తొక్కుతాడు. క్రాస్ ప్రకారం 500 న్యూటన్ మీటర్లు, నట్టు కదులుతుంది. డాట్ ప్రకారం సున్నా, మెకానిక్ పొద్దుటి నుంచీ ఊరికే తొక్కుతున్నాడన్నమాట. డాట్ మాట విని గరిష్ఠ ఫలితం కావాలంటే ఏం చేయాలి? పైపు చివర పట్టుకుని, పైపు పొడుగునా, తాడాటలో లాగినట్టు మన వైపు లాగాలి. అప్పుడు డాట్ నిండుగా 500 చూపిస్తుంది. నట్టు మాత్రం కదలదు, పానా ఊడొచ్చి మనం వెల్లకిలా పడతాం.

అన్నిటికన్నా ప్రమాదం 45 డిగ్రీల దగ్గర. అక్కడ సైన్, కొసైన్ ఒకటే కావడంతో రెండు పద్ధతులకూ సుమారు 354 వస్తుంది. పరిమాణం మాత్రమే అడిగే ప్రశ్నలో ఆ కోణం ఇచ్చారంటే తప్పు చేసినవాడికి పూర్తి మార్కులు పడతాయి. వాడు ఆ ధైర్యంతో జీవితాంతం అలాగే చేస్తాడు.

మరి దిశ దేనికి, అంకె సరిపోతే చాలదా అంటారు. నట్టుకు ఎదురుగా నిలబడి పానాను గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిప్పండి. కుడి చేతి నియమం ప్రకారం టార్క్ సదిశ చక్రంలోంచి మీ వైపు చూస్తుంది. నట్టు కూడా ఊడి మీ వైపే వస్తుంది. కొన్ని పాత లారీలకు ఎడమ పక్క మరలు తిరగేసి ఉంటాయి, అది వాటి ఇష్టం, కుడి చేతి నియమానికి సంబంధం లేదు. బిగిస్తున్నామా, ఊడదీస్తున్నామా అన్నది ఆ దిశలోనే ఉంది. 500 అనే ఉత్త అంకెలో అది లేదు.

ఇదే తప్పును తిరగేసి, పని అడిగిన చోట క్రాస్ చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం మా ఊరి మిర్చి టిక్కీ ఒకటి తలకెత్తుదాం. నలభై కిలోల టిక్కీ అనుకుంటే దాన్ని మోసే బలం సుమారు 400 న్యూటన్లు, పైకి. హమాలీ జగ్గయ్యపేటలో బయల్దేరి నందిగామ వైపు, దాన్ని తూర్పనుకుందాం, సమంగా పది మీటర్లు నడిచాడు. బలం పైకి, నడక అడ్డంగా, కాబట్టి టిక్కీ మీద ఆ బలం చేసిన పని సున్నా. ఫిజిక్సు కఠినమైనది, హమాలీ ముందు చెప్పకండి. టిక్కీని నేల మీంచి మీటరున్నర పైకి ఎత్తినప్పుడు మాత్రం 600 జౌళ్లు లెక్కలో పడ్డాయి. ఇక క్రాస్ వీరుడి లెక్క చూడండి. F×s అంటే 400k × 10i. k×i = j, j అంటే ఉత్తరం. జవాబు 4000 న్యూటన్ మీటర్లు, ఖమ్మం వైపు. మనిషి నందిగామకు నడిస్తే వాడి కూలి సరిహద్దు దాటి పక్క రాష్ట్రానికి పోయింది. వరస మార్చి s×F చేస్తే మైనస్ j వస్తుంది, అప్పుడు కూలి కృష్ణ దాటి పల్నాడు చేరుతుంది. 2022లో మేం కృష్ణా జిల్లాలోంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారాం గానీ, ఖమ్మం మాకు ఇంకా ఉత్తరానే ఉంది. చేసిన పనికి ఊరి దిక్కు వచ్చిందంటే క్రాస్ చేశామని ఖాయం.

ఈ రెంటికీ చెందని మూడో జాతి ఒకటుంది. వీళ్లు డాటే చేస్తారు, కానీ సదిశ రావాలని గుర్తుంటుంది కాబట్టి i, j, k లను వదలరు. 2i − 4j + 2k అని రాస్తారు. చూడ్డానికి నిండుగా ఉంటుంది, వేషం అంతా సదిశదే. పట్టుకోవడం మాత్రం తేలిక. r×F అన్నది r కు లంబంగా ఉండి తీరాలి. దీన్ని r తో డాట్ చేయండి: 2 − 8 + 4 = −2. సున్నా కాలేదు, దొరికిపోయాడు. మన 6i + 3j − 6k తో చేస్తే 6 + 6 − 12, సున్నా. F తో చేసినా సున్నాయే.

అసలు ఈ మూడో రకం లబ్ధం ఎందుకు పనికిరాదంటే, నోటుపుస్తకం తిప్పితే జవాబు మారిపోతుంది. ఒకే దిశలో పొడవు ఒకటి ఉన్న రెండు బాణాలను i వెంబడి పెట్టి ఇలా గుణిస్తే పొడవు ఒకటి వస్తుంది. అవే బాణాలను అలాగే ఉంచి అక్షాలను 45 డిగ్రీలు తిప్పితే ఒక్కోదాని భాగాలు సుమారు 0.7, 0.7 అవుతాయి. గుణిస్తే 0.5, 0.5, పొడవు సుమారు 0.7. బాణాలు కదల్లేదు, మనం కుర్చీ జరిపాం అంతే. కుర్చీ జరిపితే టార్క్ మారే లోకంలో లారీ చక్రాలు నిలవవు.

పిల్లల పక్షాన ఒక మాట చెప్పాలి. ఈ రెండు లబ్ధాలూ పుట్టుకతో వేరు కావు. 1843 అక్టోబరు 16న డబ్లిన్‌లో కాలువ గట్టున నడుస్తూ హామిల్టన్ క్వాటర్నియన్లను కనిపెట్టి, ఆ సూత్రాన్ని అక్కడి వంతెన రాయి మీద చెక్కాడు. వాటిలో రెండు సదిశలను ఒక్కసారి గుణిస్తే మన డాట్ మైనస్ గుర్తుతోనూ, మన క్రాస్ దాని పక్కనే, ఒకే జవాబులో కలిసి వచ్చేవి. ఆ ఉమ్మడి కుటుంబం చేత అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో గిబ్స్ వేరు కాపురాలు పెట్టించాడు. తన విద్యార్థుల కోసం 1881లో చిన్న పుస్తకం అచ్చు వేసి పంచాడు. ఇంగ్లండులో హెవిసైడ్ కూడా తన దారిన అదే పని చేశాడు. హామిల్టన్ శిష్యుడు టెయిట్ దీన్ని ఘోరమని తిట్టిపోశాడు. 1901లో గిబ్స్ పాఠాల ఆధారంగా విల్సన్ రాసిన పుస్తకంతో చుక్క, ఇంటూ గుర్తులు స్థిరపడ్డాయి. పంపకాలు జరిగి ఇన్నేళ్లయినా ఒకరి ఉత్తరం ఇంకొకరి ఇంట్లో పడుతూనే ఉంది.

పాత చుట్టరికం మనకు ఒక మేలు కూడా చేస్తుంది. డాట్ వర్గం, క్రాస్ పరిమాణం వర్గం కలిపితే ఎప్పుడూ రెండు పొడవుల లబ్ధం వర్గమే. మన లెక్కలో 0 + 81 = 81. రెండూ చేసి చూసుకుంటే క్రాస్‌లో ఏదో ఒక భాగం విలువ తేడా వచ్చినా చాలాసార్లు ఇక్కడ బయటపడుతుంది. j గుర్తు ఒక్కటే తారుమారైతే మాత్రం వర్గంలో కనపడదు, దానికి పైన చెప్పిన లంబం పరీక్షే దిక్కు.

చివరగా, పేపర్లు దిద్దే తోటి మాస్టార్లకు ఒక మనవి. ఈ లెక్కలో సున్నా రాసినవాడికి సున్నాయే ఇవ్వండి. 2i − 4j + 2k రాసినవాడికి i, j, k ఉన్నాయి కదా అని జాలిపడి అర మార్కు వేయకండి. F×r చేసి −6i − 3j + 6k తెచ్చినవాడికి మాత్రం ఎంతో కొంత వేయండి. వాడు ఊడదీయమంటే బిగించాడు, అంతే, పానా ఎక్కడ పట్టుకోవాలో వాడికి తెలుసు.