వేలెత్తిన అల్లుడు

ముక్కనుమ నాడు క్రికెట్ ఫైనల్‌కి నన్ను అంపైరుగా పెట్టింది నా క్రికెట్ జ్ఞానం చూసి కాదు. ఫైనల్‌కి వచ్చిన రెండు జట్లలో ఒకటి మా ఊరిది, రెండోది కాలవ అవతలి ఊరిది. అది మా అత్తారి ఊరు. "మనవాడే కదా" అని మావాళ్ళు, "మన అల్లుడే కదా" అని వాళ్ళు, నిమిషంలో ఒప్పేసుకున్నారు. కోనసీమలో రెండు ఊళ్ళు ఒక్క మాట మీదకి రావడం ఎంత అరుదో తెలిసినవాణ్ణి కాబట్టి కాదనలేకపోయాను.

తటస్థ అంపైరు గొడవ పెద్ద క్రికెట్లోనే చాలాకాలం తెమల్లేదు. 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టు ఆడితే, ఇంట్లోవాళ్ళ మీద అనుమానం రాకుండా మన దేశం నుంచి ఇద్దరు అంపైర్లని పిలిపించారు. అందులో ఒకాయన మన హైదరాబాదు వి.కె. రామస్వామి. టెస్టుల్లో ఇద్దరూ బయటి దేశంవాళ్ళే ఉండాలన్న పద్ధతి 2002 దాకా రాలేదు. మా దగ్గర ఆ పద్ధతి పెడితే అంపైరు కోసం రాజమండ్రి దాకా పోవాలి. పోయి తెచ్చినా, టాస్ వేసేలోపు ఆయనకీ ఈ ఊళ్ళో ఒక మేనత్త తేలుతుంది.

ఆట పన్నెండు ఓవర్లు, టెన్నిస్ బంతి. మధ్యాహ్నం మావాళ్ళు బిర్యానీ పొట్లం ఇస్తూ, "లెగ్ పీసు నీకోసమే తీయించాం బాబాయ్" అన్నారు. నేను తిన్నాను. అది లంచమని అప్పుడు నాకెవరూ చెప్పలేదు, సాయంత్రం అందరూ చెప్పారు.

నేను పట్టుబట్టిన పని ఒక్కటే. తొలి ఇన్నింగ్స్ అయ్యేసరికి క్రీజు గీతలు కాళ్ళ కింద పడి చెరిగిపోతే, ఇంటి నుంచి ముగ్గుపిండి తెప్పించి మళ్ళీ వేయించాను. స్టంపులకి నాలుగడుగుల ముందు, తాడు పట్టి, రెండంగుళాల వెడల్పున. "ఫైనల్‌లో ముగ్గులేంట్రా" అని మా బాబాయి నవ్వాడు.

వాళ్ళు 95 చేశారు. మావాళ్ళు చివరి బంతికి ముందు 94. ఒక్క పరుగు తీస్తే సమం, ఆపైన సూపర్ ఓవర్. బ్యాటు పట్టుకున్నది మా బాబాయి కొడుకు. కొబ్బరిచెట్టుకి కట్టిన మైకులోంచి కామెంటరీ కుర్రాడు "మన ఆశాజ్యోతి" అంటున్నాడు. మనవాడు కవర్స్‌లోకి నెట్టి, కళ్ళు మూసుకుని నా వైపు పరుగెత్తాడు.

రనౌట్ చూడాలంటే స్టంపుల వెనక నిలబడితే లాభం లేదు. అక్కణ్ణుంచి చూస్తే బ్యాటు గీత దాటిందో, దాటబోతోందో బ్రహ్మదేవుడూ చెప్పలేడు. బంతి ఎటు పోతే అటే, దానికి వీపు పెట్టకుండా పక్కకి పరిగెత్తి, గీతకి సరిగ్గా సమంగా వచ్చి ఆగిపోవాలి. ఆగడం ముఖ్యం. మనమూ పరుగెడుతూ చూస్తే గీత కూడా పరుగెడుతుంది. ఆ తర్వాత బంతిని వదిలేసి కళ్ళు గీత మీద పెట్టాలి. నేను అంతా పుస్తకంలో ఉన్నట్టే చేశాను. అదే నా కొంప ముంచింది. ఓ నాలుగడుగులు ఆలస్యంగా కదిలి ఉంటే నాకు నిజంగానే ఏమీ కనిపించేది కాదు. అనుమానం ఉంటే బ్యాట్స్‌మన్‌కే వదిలేయడం ఆనవాయితీ కాబట్టి, హాయిగా ఇంటికి పోయేవాణ్ణి.

విసురు వచ్చింది. బౌలరు కుడిచేత్తో పట్టాడు, ఆ చేత్తోనే బెయిల్స్ లేపాడు. ఇదీ చూడాలి. బంతి ఒక చేతిలో ఉంచుకుని రెండో చేత్తో స్టంపులు కొడితే చెల్లదు. బెయిల్స్ గాల్లో ఉన్న క్షణాన మావాడి బ్యాటు ఎక్కడుందంటే, నేను వేయించిన ముగ్గు మీద ఉంది. దాటి కాదు, మీద. క్రీజంటే ఆ గీతకి స్టంపుల వైపున్న లోపలి అంచు. బ్యాటు ఆ అంచుకి లోపల నేల తాకాలి. ముగ్గు మీద ఉన్నవాడు ఇంకా వీధిలో ఉన్నట్టే.

ఒక్క ఆశ మిగిలింది. అవతలివాళ్ళు అడక్కపోతే అంపైరు తనంతట తాను అవుటివ్వకూడదు. దేవుడా, వీళ్ళకి ఈ క్షణాన గొంతు పట్టేయనీ అనుకున్నాను. పదకొండు మందీ అడిగారు. కాలవ గట్టు మీద సైకిళ్ళూ, మోటార్‌సైకిళ్ళూ దిగిన మా అత్తారి ఊరు మొత్తం అడిగింది. అందులో మా బావమరిది గొంతు విడిగా వినిపించింది. ఇటు మైకులో "స్కోర్లు సమం!" అని అప్పటికే వచ్చేసింది. వేలు ఎత్తాను.

ఆ తర్వాత విచారణ మొదలైంది. మొదటి సాక్ష్యం బ్యాటు. దాని కొసన తెల్లటి పిండి అంటుకుని ఉంది. "చూడు బాబాయ్, గీతని తాకింది!" అని మా కెప్టెన్ నా ముక్కు దగ్గర పెట్టాడు. గీతని తాకిందనే నేనూ అంటున్నానని చెప్పాను. తాకితే చాలనుకునేది కబడ్డీలో.

రెండో సాక్ష్యం సెల్‌ఫోను. లాంగాన్ దగ్గర కొబ్బరిబొండాలు తాగుతూ ఒక కుర్రాడు వీడియో తీశాడు. టీవీలో రనౌట్ చూపించే కెమెరాలు గీతకి సరిగ్గా ఎదురుగా, రెండు పక్కలా ఉంటాయి. ఏటవాలుగా తీస్తే గాల్లో ఉన్న బ్యాటు కూడా గీత దాటి దిగినట్టే కనబడుతుంది. సరే, అదీ చూశాం. మామూలు ఫోను సెకనుకి ముప్ఫై బొమ్మలు తీస్తుంది. ప్రాణం మీదకొచ్చి పరుగెత్తేవాడు సెకనుకి ఆరేడు మీటర్లు వస్తాడు. అంటే ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య బ్యాటు జానెడు జరిగిపోతుంది. మొదటి బొమ్మలో బ్యాటు బయట, బెయిల్స్ పైన. రెండో బొమ్మలో బ్యాటు లోపల, బెయిల్స్ గాల్లో. అసలు సంగతి ఆ మధ్య జానలో జరిగింది, అది ఏ ఫోన్లోనూ లేదు. మావాళ్ళు రెండో బొమ్మ దగ్గర ఆపి చూశారు. వాళ్ళు మొదటి బొమ్మ దగ్గర ఆపి చూశారు. రాత్రికి రెండు ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒక్కో బొమ్మ తిరిగింది.

లెగ్ అంపైర్ని అడగమన్నారు. వాడు మా జట్టువాడే, తొమ్మిదో నంబరు బ్యాట్స్‌మన్, ప్యాడ్లు కూడా విప్పలేదు. పైగా అది వాడి గీత కాదు, నాది. పక్క తోటలో కోడిపందేలు ఆపి మరీ వచ్చినవాళ్ళు కూడా తలో తీర్పు ఇచ్చారు. వాళ్ళ ఆటలో అంపైరు పని సుఖం. ఓడింది తనే పడుకుంటుంది.

2019లో లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్ గుర్తొచ్చి బాబాయికి చెప్పబోయాను. ఫీల్డరు విసిరిన బంతి స్టోక్స్ బ్యాటుకి తగిలి బౌండరీకి పోతే ధర్మసేన ఇంగ్లండుకి ఆరు పరుగులిచ్చాడు. విసిరే క్షణానికి బ్యాట్స్‌మెన్ ఒకరినొకరు దాటలేదు కాబట్టి అయిదే ఇవ్వాల్సిందని తర్వాత తేలింది, ఆయనే ఒప్పుకున్నాడు. బాబాయి పూర్తిగా వినకుండానే అందుకున్నాడు. "చూశావా? పరాయి దేశంవాడై ఉండి ఆతిథ్య జట్టుకి ఒక పరుగు ఎక్కువిచ్చాడు. నువ్వు సొంత తమ్ముడికి రావాల్సింది కూడా ఇవ్వలేదు."

ఇంటికొస్తుంటే బండి రెండు చక్రాల్లోనూ గాలి లేదు. తోసుకుంటూ వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి, పుట్టింటివాళ్ళు గెలిచినందుకు నవ్వు ఆపుకోలేక, ఆపుకున్నట్టు నటిస్తోంది. "ఇంకాస్త తొందరగా ఎత్తుండాల్సింది వేలు, మా నాన్న కంగారుపడ్డారట" అంది.

మర్నాడు పొద్దున బాబాయి నాతో మాట్లాడకూడదని నిర్ణయించుకుని, ఆ సంగతి చెప్పడానికి మా అరుగు మీదకి వచ్చి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే మా బావమరిది, మెడలో గెలిచిన పతకంతో, పెద్ద స్టీలు డబ్బా తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టాడు. "అమ్మ పంపింది బావగారూ, అరిసెలు." బాబాయి మూత తీశాడు. ఒకటి తీసుకుని నూనె వత్తాడు, నువ్వులు చూశాడు, సగం తిన్నాక నా వైపు తిరిగాడు.

"ఏరా, ఇవి తీర్పుకి ముందు వండినవా, తర్వాత వండినవా?"