ఇంటర్వ్యూకు పిలిచి కూడా అభ్యర్థి రాకుండా చూసుకునే విధానం

ఇంటర్వ్యూ పిలుపులో చెప్పాల్సినవి మూడే సంగతులు: ఎప్పుడు రావాలి, ఎక్కడికి రావాలి, ఏం తేవాలి. ఈ మూడూ చెప్పినట్టే ఉండి ఏదీ చెప్పకుండా రాయడం సర్కారు ఆఫీసుల్లోనూ ప్రైవేటు బడుల్లోనూ ఆసుపత్రుల్లోనూ బాగా పండిన విద్య. మెదక్ పట్టణంలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు పోస్టుకు పంపే సందేశాన్ని నమూనాగా తీసుకుంటే దాని మెలకువలు సులువుగా పట్టుబడతాయి.

"మీరు షార్ట్‌లిస్ట్ అయ్యారు. రేపు ఉదయం 10 గంటలకు ఆఫీసులో అన్ని ఒరిజినల్స్‌తో హాజరు కాగలరు." ఇంతే చాలు. పోస్టు పేరు, పంపినవారి హోదా రాయకూడదు. నాలుగైదు చోట్ల దరఖాస్తు పెట్టుకున్న మనిషి ఎవరు పిలిచారో తనే కనుక్కుంటుంది. ఈ పొదుపుకు ఒకప్పుడు అర్థం ఉండేది: ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిషు అక్షరాలు 160 పడితే తెలుగువి 70 మాత్రమే పడతాయి. వాట్సాప్‌తో ఆ ఇబ్బంది తీరింది. పొదుపు మాత్రం పోలేదు.

సమయం అందరికీ పదే. ముప్పై మందిని పదికి పిలిస్తే జాబితాలో చివరి పేరుకు పది అంటే సాయంత్రం నాలుగు. "సర్టిఫికెట్ల పరిశీలన 9.30కి, ఇంటర్వ్యూలు 11 తర్వాత" అని రాస్తే టేక్మాల్ నుంచి చంటిబిడ్డతో వచ్చే తల్లి తన ఏర్పాటేదో చేసుకుని వస్తుంది. కాబట్టి అలా రాయరాదు.

స్థలం సంగతికొస్తే, గందరగోళానికి మెదక్ బాగా అనువైన ఊరు. 2016 అక్టోబరు 11 దాకా మెదక్ జిల్లా కేంద్రం సంగారెడ్డిలో ఉండేది. ఆ రోజు పాత జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేటగా మూడు ముక్కలైంది. మెదక్‌కు తన పేరున్న జిల్లా ఆఫీసులు తన ఊళ్లోనే వచ్చాయి. కొత్త సమీకృత కలెక్టరేట్ 2023లో మొదలైంది. ఇన్ని మార్పుల తర్వాత ఉత్త "కలెక్టరేట్" అని రాస్తే ఆటోవాలా "పాతదా, కొత్తదా?" అని అడుగుతాడు. జవాబు అభ్యర్థి దగ్గర ఉండదు. భవనం పేరు, అంతస్తు, గది నంబరు రాయడానికి ఒక్క వరుస సరిపోతుంది, పైగా రాసేవారు రోజూ కూర్చునేది ఆ గదిలోనే. రోజూ చూసే గదికి గుర్తులు చెప్పాలని ఎవరికీ తోచదు. ఇందులో దుర్మార్గం లేదు, అందుకే ఇది పోదు.

అన్నింటిలోకీ గొప్ప ఉపాయం "అన్ని ఒరిజినల్స్". దీనిమీద కొంచెం ఆగాలి. పుట్టిన తేదీకి పదో తరగతి మెమో, నర్సింగ్ మార్కుల మెమోలు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. తగులుకునేది స్టడీ సర్టిఫికెట్ల దగ్గర. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల కింద స్థానికత చూపడానికి నాలుగు నుంచి పది దాకా చదివిన కాగితాలు తెచ్చేవారు. 2018 ఉత్తర్వులతో లెక్క ఒకటి నుంచి ఏడుకు మారింది. ఇంట్లో పెద్దవాళ్ల మాట నమ్మి నాలుగు నుంచి పది దాకా పట్టుకొచ్చిన అమ్మాయికి మొదటి మూడు తరగతులవి ఉండవు. ఉన్నవాటిమీద కూడా "జిల్లా: మెదక్" అని ముద్ర ఉంటుంది గానీ, బడి గజ్వేల్‌దైతే ఇప్పుడది సిద్దిపేట జిల్లా. జహీరాబాద్‌దైతే సంగారెడ్డి. "ఒకటి నుంచి ఏడు వరకు, బడి ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకుని" అన్న ముక్క రాసి ఉంటే ఆమె ముందే హెడ్‌మాస్టరును కలిసేది.

ఈ ఉపాయం ఫలించాలంటే సందేశం ముందురోజు సాయంత్రం, వీలైతే సెలవుకు ముందు వెళ్లాలి. అప్పుడు బడి తెరిచి ఉండదు. ఫీజు బాకీ ఉందని ఒరిజినల్స్ కాలేజీయే అట్టిపెట్టుకున్న పిల్లకైతే ఒక రాత్రిలో ఆ డబ్బు పుట్టదు. నిజం చెప్పాలంటే జాబితా మీద పై సంతకం పడేసరికే సాయంత్రమవుతుంది. పంపే కంప్యూటర్ ఆపరేటరు కూడా చాలాసార్లు అవుట్‌సోర్సింగ్ మనిషే, ఇలాంటి సందేశం అందుకుని పరుగెత్తుకొచ్చి చేరినవాడే. పోయినసారి సందేశం తెరిచి, తేదీ మార్చి, పంపేస్తాడు. తేదీ మార్చడం మరిచిన రోజులూ ఉంటాయి.

జిరాక్స్ ఎన్ని సెట్లో రాయకూడదు. గేటు ముందు జిరాక్స్ షాపు ఉంది గదా.

విద్య నేర్వనివారు మాత్రం ఇలా రాస్తారు: "స్టాఫ్ నర్సు (కాంట్రాక్టు) పోస్టుకు మీ ఇంటర్వ్యూ వచ్చే మంగళవారం. 9.30కి సర్టిఫికెట్ల పరిశీలన, 11 తర్వాత ఇంటర్వ్యూ. స్థలం: మెదక్ కొత్త సమీకృత కలెక్టరేట్, మొదటి అంతస్తు, ఫలానా గది. తేవాల్సినవి: పదో తరగతి మెమో, నర్సింగ్ మెమోలు, గడువు దాటని కౌన్సిల్ రిజిస్ట్రేషన్, కుల పత్రం, 1–7 స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, రెండు ఫొటోలు, స్వయంగా సంతకం చేసిన జిరాక్స్ ఒక సెట్. ఒరిజినల్స్ కాలేజీలో ఉంటే కాలేజీ ఇచ్చిన కస్టోడియన్ సర్టిఫికెట్ తేవచ్చు. రాలేకపోతే ఈ నంబరుకు చెప్పండి."

నంబరు ఇవ్వక తప్పదనుకుంటే ల్యాండ్‌లైన్ ఇవ్వాలి.