ఇడ్లీ రేకుల వాషౌట్

మా ఇంట్లో ఇడ్లీ తినే హక్కు అందరికీ ఉంది. పిండి రుబ్బే హక్కు గ్రైండరుది. ఉడికించే హక్కు మా ఆవిడది. గట్టిగా ఉన్నాయో మెత్తగా ఉన్నాయో తీర్పు చెప్పే హక్కు మనవడిది. రేకులు తోమే హక్కు మాత్రం, నేను రైల్వేలో రిటైరైన మర్నాటి నుంచి, ఎవరూ పోటీకి రాకుండా నాకు దఖలుపడింది. పనిమనిషి చేరిన రోజే షరతు పెట్టింది: "ఎన్ని గిన్నెలైనా వెయ్యండమ్మా, ఆ ఇడ్లీ రేకులు మాత్రం నావల్ల కాదు." మెట్టుగూడలో మరో పనిమనిషి దొరకడం ఎంత కష్టమో తెలిసిన మా ఆవిడ వెంటనే ఒప్పేసుకుంది. భర్త ఉన్నాడు కదా.

తోమనివాళ్లకి ఆ వస్తువు గురించి ఏమీ తెలియదు. నాలుగు రేకులు, రేకుకి 4 గుంటలు, అంటే 16 ఇడ్లీలు అని లెక్క చెప్పి ఊరుకుంటారు. ప్రతి గుంటకీ అడుగున బెజ్జాలుంటాయి. వాటిలో ఇడ్లీ రవ్వ పలుకు ఒకటి ఇరుక్కుంటే అది ఆరి రాయవుతుంది. మధ్యలో నిలబడే కడ్డీకీ రేకుకీ నడుమ సందు ఉంటుంది, పైన మరబిళ్ల ఉంటుంది. ఇవన్నీ ఒక ఎత్తు, రేకు వీపు ఒక ఎత్తు. కింది రేకు గుంట మీదికి పై రేకు గుంట సరిగ్గా వచ్చేలా అమర్చితే, పొంగిన ఇడ్లీ నెత్తి వెళ్లి పై రేకు అడుక్కి అతుక్కుంటుంది. గుంట మీదికి ఖాళీ వచ్చేలా రేకుని కాస్త తిప్పి పెట్టాలి, అంతే. ఈ విన్నపం నేను వంటింటి అధికారులకి ఎన్నోసార్లు సమర్పించుకున్నాను. "పరిశీలనలో ఉంది" అన్న జవాబు కూడా రాలేదు.

ఇక పిండి సంగతి. మినప్పిండిలో జిగురుంది, రవ్వలో గంజి ఉంది. ఆవిరి తగలగానే గంజి నీళ్లు తాగి ఉబ్బి జిగటగా మారుతుంది. ఇడ్లీ దించగానే రేకుని నీళ్లలో ముంచేస్తే అరగంటలో ఆ పొర తనంతట తనే నానిపోయి వేలితో తోస్తే వస్తుంది. ముంచకుండా గట్టు మీద వదిలేస్తే ఫ్యాను గాలికి ఆరి గాజుపెంకులా బిగుస్తుంది. అప్పుడు రాత్రంతా నానినా సగమే కదులుతుంది. అరగంటకీ రాత్రికీ మధ్య తేడా ఒక్క చెంబు నీళ్లు. ఆ చెంబు పోసే నాథుడు మా ఇంట్లో లేడు. అందరూ తినడంలో ఉంటారు, చట్నీ చాలలేదంటారు, రేకులు ఆరిపోతూంటాయి.

పక్కింటాయన ధర్మాత్ముడు. గోడ మీంచి చూసి, "ఉడుకు నీళ్లు పొయ్యన్నా, అన్నీ పోతయ్" అన్నాడు. ఉడికిన పిండికి గోరువెచ్చని నీళ్లు మంచివే. కానీ పిండి కలిపిన గిన్నెకీ గరిటెకీ రేకు అంచుకీ అంటుకున్న పచ్చిపిండి మీద సలసల కాగే నీళ్లు పోస్తే అది అక్కడికక్కడే ఉడికి కూర్చుంటుంది. పచ్చిదానికి చన్నీళ్లు. ఇది కంఠతా పట్టించాల్సిన పాఠం. మా కోడలు మాత్రం గ్రైండరు రాళ్లకి కూడా వేడినీళ్లే పోస్తుంది. "క్రిములు చస్తాయి మామయ్యా" అంటుంది. క్రిములు చస్తాయేమో, మామయ్య కూడా కొంచెం కొంచెంగా.

రెండో ముద్దాయి నీళ్లు. కుళాయి నీళ్లు రాని రోజు బోరే దిక్కు. మన నగరం కింద ఉన్నది గ్రానైటు రాయి, ఆ పగుళ్లలో నిలిచిన నీళ్లు కాల్షియం, మెగ్నీషియం మోసుకొస్తాయి. కాగితే కరిగి ఉన్న బైకార్బొనేటు విడిపోయి, బొగ్గుపులుసు గాలి పైకి పోయి, కాల్షియం కార్బొనేటు తెల్లటి గారగా పాత్రకి పడుతుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్లే లేకపోతే 600 దాకా సహించవచ్చు. బోరు నీళ్లు 400 అనుకుందాం. పాత్రలో అర లీటరు పోస్తే అందులో 200 మిల్లీగ్రాములు. సగమే గారగా పడిందనుకున్నా ఒక వాయికి 100. వారానికి రెండుసార్లు ఇడ్లీ అయితే ఏడాదికి 10 గ్రాముల సున్నపురాయి నా వంటింట్లో తయారవుతోంది. లైసెన్సు లేదు.

మా నాన్న ఆవిరి ఇంజన్ల కాలంలో బాయిలర్ ఫిట్టరు. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది, నిజాం రైల్వే పెట్టింది. ఆ పరిసరాల్లో పెరిగినవాళ్లకి వాషౌట్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఇంజన్ చల్లారాక బాయిలరు కింద ప్లగ్గులు విప్పి, లోపలికి నీళ్లు చిమ్మి, కడ్డీలతో గీకి గారని, బురదని బయటికి తీసేవాళ్లు. గార పేరుకుంటే వేడి నీటికి అందదు, రేకు ఎర్రగా కాలి పాడవుతుంది, బొగ్గు వృథా అవుతుంది. అందుకే అది వాయిదాల ప్రకారం జరిగేది, రిజిస్టర్లో రాసుకునేవాళ్లు. మా ఇంట్లో బాయిలరుకి రిజిస్టరు లేదు, గ్యాసు మాత్రం ఖర్చవుతుంది.

ఆవిరి మాత్రం నిర్దోషి. అది సున్నాన్ని మోయదు. కాబట్టి గార ఎక్కడుందో చూస్తే ఎలా వచ్చిందో తెలిసిపోతుంది. స్టాండు కాళ్లకీ కింది రేకు అడుక్కీ ఉంటే పాత్రలో నీళ్లు ఎక్కువ పోశారు, కుతకుతలాడి చిమ్మాయి. పై రేకుల మీద చుక్కలు చుక్కలుగా ఉంటే బోరు నీళ్లతో కడిగి తుడవకుండా ఆరబెట్టారు. ఈ రెండో నేరానికి మా ఇంట్లో అనుమానితులు ముగ్గురు.

తెల్లటి మచ్చ గారో, పిండో తెలియాలంటే నిమ్మరసం ఒక చుక్క వెయ్యాలి. బుసబుసమని బుడగలొస్తే గార. రాకపోతే పిండి. ఇంకా సందేహముంటే టింక్చర్ అయొడిన్ చుక్క వేస్తే గంజి నల్లనీలంగా తేలుతుంది. నేను అలా వేసిన రోజు మా ఆవిడ, "రేకుకి దెబ్బ తగిలిందా ఏవండీ?" అంది.

గార తీయడానికి ముందు పిండి పూర్తిగా పోవాలి. పిండి పొర గార మీద కప్పుకుని ఉంటే పులుపు లోపలికి దిగదు. నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో బెజ్జాలు తోమి, కడిగాక, లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, వేడి చేసి పొయ్యి కట్టేసి, స్టీలు స్టాండుని అరగంట అందులో ఉంచాలి. బుడగలు ఆగాక బ్రష్ చేస్తే మెత్తగా రాలుతుంది. మందంగా ఉంటే కొత్త నీళ్లతో మళ్లీ. అల్యూమినియం అయితే పది నిమిషాలకే తీయాలి, లేకపోతే పులుపు లోహాన్ని కూడా తింటుంది. చాకలి సోడా దాని దగ్గరికే పోకూడదు. బాత్రూములో వాడే యాసిడ్ స్టీలుకి సన్నటి గుంటలు పొడుస్తుంది, ఆ పొగ మన ఊపిరికి కూడా మంచిది కాదు. మా బావమరిది నిమ్మరసం, వంటసోడా కలిపి పోయమన్నాడు. నురుగు బ్రహ్మాండంగా వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి చంపుకున్నాయి, గార చెక్కుచెదరలేదు.

స్టీలు పీచుతో గీకితే ఇంకా తొందరగా పోతుందని ఇంట్లో ఒక వర్గం వాదిస్తుంది. పోతుంది. గీతలు మిగులుతాయి. మర్నాడు పిండి ఆ గీతల్లోకి దిగి కూర్చుంటుంది.

నిరోధక చర్యలు కూడా సూచించాను. పాత్రలో కుళాయి నీళ్లే వాడటం, నీళ్లు కింది రేకుకి అంగుళం దిగువనే ఉంచడం, నిమ్మచెక్క ఒకటి నీళ్లలో వేయడం, ఐదు నిమిషాలు ఆగి తడి చెంచాతో ఇడ్లీ తీయడం. నూనె ఒక చుక్క చాలు, ఎక్కువైతే కాలిన నూనె పసుపు వార్నిషులా పట్టి మూడో శత్రువు తయారవుతుంది. అందరూ శ్రద్ధగా విన్నారు. నిన్న కోడలు ఒక పెట్టె తెచ్చింది. లోపల బటన్ ఇడ్లీ రేకులు, ఒక్కో రేకుకీ 14 గుంటలు. "బాబుకి ఇష్టమని మామయ్యా" అంది. మనవడు ఎగిరి గంతేశాడు. అడుగున బెజ్జాలు ఎన్నో నేనింకా లెక్కపెట్టలేదు.