ఎంగిలి బకెట్ల లెక్క

మా ఇళ్లలో వంట పురమాయించే లెక్క ఒకటే. ఎందరొస్తారో అంచనా వేసుకుని, ‘తక్కువైతే పరువు పోతుంది’ అని ఇంకో యాభై మందిని కలుపుతాం. కేటరర్ తన భయం కొద్దీ మరికొంత కలుపుతాడు. ఇంతా చేసి ఆ పరువు ఏ బకెట్లో పడుతోందో చూద్దామని, అన్నయ్య కూతురి నిశ్చితార్థంలో ఎంగిలి ప్లేట్లు వేసేచోట కాటా పెట్టాను.

అన్నానికి, కూరలకు, స్వీట్లకు తలా ఒక బకెట్. ఖాళీ బకెట్ బరువు ముందే రాసుకోవాలి. కరివేపాకు, మునక్కాడ పిప్పి వేరే పడాలి, లేకపోతే అవీ వృథా కిందికే వస్తాయి. గుండిగల్లో మిగిలినదాన్ని మాత్రం ఇందులో కలపకూడదు. అది వంట ఎక్కువైన లెక్క, ఇది వడ్డన ఎక్కువైన లెక్క. దానికి బియ్యం తగ్గించాలి, దీనికి గరిటె తగ్గించాలి.

కాటా పక్కన నేను నిలబడటం కుదరలేదు. మా మేనత్త ప్లేటుతో వచ్చి, నన్ను చూసి, వెనక్కి వెళ్లి పులావంతా తినేసి వచ్చింది. ఆ ప్లేటు లెక్కలోకి రాదు. కాటాను తెర వెనక్కి జరిపి, కేటరింగ్ కుర్రాడికి అప్పగించాను.

300 ప్లేట్లకు తెల్లన్నం 15 కిలోలు తేలింది. ప్లేటుకు 50 గ్రాములు, అంటే ఒక మంచి ముద్ద. స్వీట్ల బకెట్లో కాజాలు కొరికి వదిలేసినవి తక్కువ, అసలు ముట్టనివే ఎక్కువ. కొరికి వదిలితే రుచిని అనుమానించాలి, ముట్టకుండా వదిలితే వడ్డించినవాణ్ని. అడక్కుండానే ప్లేటుకు రెండేసి పెట్టాడట మహానుభావుడు. గోంగూర మాత్రం బకెట్లో చుక్క లేదు. అందరికీ నచ్చిందని వదిన సంబరపడింది. ఆరా తీస్తే, సగం మంది తినకముందే గిన్నె ఖాళీ అయిందట!

తర్వాతది గృహప్రవేశం, 200 మంది. ప్లేటుకు అదే 50 గ్రాముల చొప్పున పది కిలోల అన్నం బకెట్లోకి పోతుంది. కిలో బియ్యం సుమారు రెండున్నర కిలోల అన్నమవుతుంది కాబట్టి నాలుగు కిలోల బియ్యం. అందులో సగమే తగ్గించమన్నాను. వంట తగ్గిందని పారేసేవాడు పారేయడం మానడు, ఆలస్యంగా వచ్చినవాడికి అన్నం ఉండదు, అంతే. మిగతా సగం చిన్న గరిటె చూసుకుంటుంది. చివరి విడత బియ్యం కడిగి ఉంచి, జనాన్ని చూసి పొయ్యెక్కించాలి. కాజా అడిగినవాళ్లకే.

“ఇంత చేసి రెండు కిలోలేనా సార్?” అన్నాడు కేటరర్.

“కాటా అద్దె ఎంత?” అంది వదిన.

నేను వినిపించుకోకుండా చీటీ రాసిచ్చాను. కేటరర్ పైకి చదివాడు: “బియ్యం రెండు కిలోలు తక్కువ. గోంగూర నాలుగు కిలోలు ఎక్కువ.”