మేనేజరు నుంచి కొత్త కుర్రాడి దాకా: మెయిల్లో పలకరింపు, ముగింపు చిట్కాలు

మెయిల్లో విషయం ఎవరూ చదవరు. పైన ఏమని పిలిచారు, కింద ఏమని ముగించారు, ఆ రెండూ చూసి మీరెంతటివారో తేల్చేస్తారు. కాబట్టి మధ్యలో ఉండాల్సిన పని గురించి బెంగ పెట్టుకోకండి. మాదాపూర్‌లో ఓ మోస్తరు సాఫ్ట్‌వేర్ కంపెనీ, పైన మేనేజరు, ఆయన పైన డెలివరీ హెడ్డు, అమెరికాలో క్లయింటు, కింద నిన్నగాక మొన్న చేరిన పిల్లలు. మీ పరిస్థితి ఇదే అనుకుని చెబుతున్నాను.

1. పైవాళ్లకి ఎప్పుడూ "రెస్పెక్టెడ్ సర్" అనే రాయండి. జ్వరమొచ్చిందని హెడ్‌మాస్టరుకి రాసిన సెలవు చీటీ గుర్తుంది కదా, అదే. మీ మేనేజరు ప్రతి మెయిలూ "హాయ్" అని మొదలుపెట్టి, కింద ఉత్త పేరు పెడుతున్నాడంటే తనను పేరుతో పిలవమని చెప్పకనే చెబుతున్నాడు. వినబడనట్టు ఉండండి. ఆయన చనువిచ్చాడు కదా అని మీరూ పేరు పెట్టి పిలిస్తే, రేపు మీటింగులో మీ అభిప్రాయం అడుగుతాడు. చేతులు కట్టుకుని నిలబడ్డవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. ప్రమోషన్ల లిస్టు రాసేటప్పుడు కూడా మిమ్మల్ని కదపరు. హాయి.

2. అవతలివాళ్ల పేరు తెలియదా? "డియర్ సర్/మేడమ్" కొట్టండి. ఆ అడ్డగీత ముఖ్యం, తీసేయకండి. కంపెనీ డైరెక్టరీలో వెతికితే అర నిమిషంలో పేరు దొరుకుతుంది, నిజమే. కానీ పేరుతో పిలిస్తే జవాబు వస్తుంది, జవాబొస్తే పని మొదలుపెట్టాలి. అడ్డగీత చూడగానే "ఇది పదిమందికీ పంపిన మెయిలు, ఎవరో ఒకరు చూసుకుంటారులే" అని అవతలివాళ్లు పక్కన పెట్టేస్తారు. ఇక వారం పాటు మీది ఒకే మాట: "మెయిల్ పెట్టానండీ, రిప్లై రాలేదు."

3. అమెరికా క్లయింటు దగ్గర మర్యాద ఒలకబొయ్యండి. ఆవిడ పెద్ద వైస్ ప్రెసిడెంటే కావచ్చు, కింద మాత్రం "జెన్" అని పెడుతుంది. అక్కడ పైవాళ్లను కూడా మొదటి పేరుతోనే పిలుస్తారు. మీరు "మిసెస్ జెన్నిఫర్" అనండి. మిసెస్ పక్కన రావాల్సింది ఇంటిపేరు, పెళ్లయిందో లేదో మనకు తెలియదు, ఆవిడకి అంత పొడుగు పేరు ఇష్టం లేదు. రెండు మాటల్లో మూడు తప్పులు పడ్డాయి. జపాన్ క్లయింటైతే ఇంకా సులువు. వాళ్లు ఎదుటివారి ఇంటిపేరు చివర "సాన్" చేరుస్తారు, తమ పేరుకి చచ్చినా పెట్టుకోరు. మీరు సంతకంలో మీ పేరుకే తగిలించండి. "ఇట్లు, సుబ్బారావు గారు" అని రాసుకున్నంత నిండుగా ఉంటుంది.

మన పేర్లూ మనకు బాగా కలిసొస్తాయి. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వల్ల పాస్‌పోర్టులో ఒకటి, కంపెనీ ఐడీలో ఒకటి పడి, టీములో సగంమంది స్క్రీన్ మీద "వెంకట"లే. క్లయింటు "హాయ్ వెంకట" అని మొదలుపెట్టిందా, మీ పంట పండింది. వెంకట సాయీ, వెంకట రమణా, వెంకట మీరూ ముగ్గురూ ఊరుకోవచ్చు. తనను ఏమని పిలవాలో సంతకంలో స్పష్టంగా రాసుకున్న వెంకట మాత్రం దొరికిపోతాడు.

4. "గారు"ని చూసి వాడండి, అంటే చూడకుండా వాడండి. ఒకే మెయిల్లో "హాయ్ శ్రీనివాస్ గారు, హాయ్ అమిత్" అని రాయండి. ఇద్దరిదీ ఒకటే హోదా. శ్రీనివాస్ మనవాడు, వయసులో పెద్ద కాబట్టి నోటికి అలా వచ్చేసింది. అమిత్‌కి తెలుగు రాదు కానీ ఒక పేరుకి తోక ఉందనీ, తన పేరుకి లేదనీ కనబడుతుంది. అర్థం పక్క సీటువాణ్ణి అడిగి తెలుసుకుంటాడు. ఆ తర్వాత మీ లీవు అప్రూవల్ ఆయన దగ్గరే ఉందని మీరూ తెలుసుకుంటారు.

5. ముగింపు దగ్గర అసలు కళ ఉంది. "వార్మ్ రిగార్డ్స్", "రిగార్డ్స్", ఉత్త పేరు, పేరులో మొదటి అక్షరం: ఇది థర్మామీటరు. రోజూ ఒకటే పెట్టేవాడి ముగింపు ఎవరూ చదవరు. మారిస్తేనే చదువుతారు. అందుకని మారుస్తూ ఉండండి.

ఒక బగ్ తీసుకుందాం. సరిచేయడానికి పది నిమిషాలు పడుతుంది. టెస్టింగ్ లీడ్ లత, మీరూ కలిసి టీ తాగేవాళ్లే. సోమవారం: "హాయ్ లత, ఇది మావైపు కాదనుకుంటా. వార్మ్ రిగార్డ్స్." మంగళవారం ఆమె స్క్రీన్‌షాట్ పంపుతుంది. "హాయ్" తీసేసి "లత," అని కామా పెట్టండి, కింద "రిగార్డ్స్". బుధవారం మేనేజరుని సీసీలో పెట్టి "డియర్ లత" అనండి. కొత్తవాళ్లకి "డియర్" మర్యాదే. మొన్నటిదాకా "హాయ్" అన్నవాళ్లకి అదే మాట రాస్తే తగువు మొదలైందని అర్థం. గురువారం ఆఖరి అస్త్రం: "లత గారు". తెలుగువాళ్ల మధ్య చనువు పోయిందని చెప్పడానికి ఇంతకంటే పదునైన మాట లేదు. బగ్ ఎక్కడిది అక్కడే ఉంటుంది. నాలుగు రోజులు గడిచాయి, పది నిమిషాల పని తప్పింది.

6. సర్కారు ఆఫీసుకి రాయాల్సి వస్తే, పదవిని ఉద్దేశించి "సర్" అన్నప్పుడు "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ", పేరు పెట్టి "డియర్ శ్రీ ఫలానా" అని డీఓ లెటర్ రాసినప్పుడు "యువర్స్ సిన్సియర్లీ" అని అక్కడి పద్ధతి. గుర్తుపెట్టుకోవడం కష్టం. రెండూ పెట్టేయండి, కింద "యువర్స్ ఒబీడియంట్లీ" కూడా.

7. "థాంక్స్ అండ్ రిగార్డ్స్"ని ఆటోమేటిక్ సంతకంలో బిగించేయండి. ఇక లీవు ఇవ్వనని చెప్పినా, ఎవరో పోయారని సంతాపం రాసినా, కింద థాంక్స్ దానంతటదే పడుతుంది.

8. కిందివాళ్లకి పలకరింపు దండగ. సబ్జెక్టు లైన్లో "అర్జెంట్" అని కొట్టి, లోపల "ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్" ఒక్కటే రాయండి. ఏం చేయాలో చెప్పలేదు కాబట్టి వాళ్లేం చేసినా తప్పు వాళ్లదే. ఒక్కోసారి ఆప్యాయత చూపాలనిపిస్తే కొత్తగా చేరిన అమ్మాయికి పేరు లేకుండా ఉత్త "హాయ్ డియర్" అని పెట్టండి. దీని ఫలితం మిగతా అన్ని చిట్కాలకంటే త్వరగా వస్తుంది. హెచ్‌ఆర్ వాళ్లు మీ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ముందు మిస్టర్ చేర్చి మరీ పిలుస్తారు.

9. చివరి రోజు మెయిలుకి "డియర్ ఆల్" సరిపోతుంది. రెండువందలమందినీ బీసీసీలో దాచకుండా పైనే పెట్టండి. "ఆల్ ద బెస్ట్"లన్నీ అందరికీ వెళ్లి, సాయంత్రం దాకా ఆఫీసంతా మీ పేరే మోగుతుంది. ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేలోపే పంపేయండి, ఆ తర్వాత లాగిన్ పనిచేయదు.