పోయింది కొవ్వు కాదు, నీళ్లు!

డీటాక్స్ టీ తాగిన మర్నాడే కిలో తగ్గానని మురిసిపోతున్నారా? ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ‘సెన్నా’ అని ఉందేమో చూడండి. అది మన పచారీ కొట్టు సునాముఖి ఆకే, తాతయ్యల నాటి విరేచనాల మందు! పనిచేసేది పెద్దపేగులో. రాత్రి తిన్న బిర్యానీ కేలరీలను చాలావరకు అంతకుముందే చిన్నపేగు ఒంటికి పట్టించేసింది. పోయింది నీళ్లూ, వాటితోపాటు పొటాషియమూ. నీళ్లు తాగితే కిలో తిరిగొస్తుంది. పొటాషియం బాగా పడిపోతే మాత్రం కండరాలు పట్టేస్తాయి, గుండె లయ తప్పొచ్చు. డాక్టర్ చెప్పకుండా వారానికి మించి వాడొద్దని ఇదే సెన్నా మాత్రల మీద రాస్తారు. టీ ప్యాకెట్ మీదేమో ‘28 రోజుల కోర్సు’! ఇంతకీ ఒంట్లోంచి వెళ్లగొట్టిన ఆ ‘విషం’ పేరేమిటో?