ముందుగా కట్టే మహాపరాధం

అప్పు ఆలస్యంగా కడితే బ్యాంకుకి కోపమొస్తుంది, అది న్యాయమే. ముందుగా కడితే మాత్రం మనసు నొచ్చుకుంటుంది. ఆ నొప్పికి మందు ఖర్చు మనమే పెట్టుకోవాలి. దాన్నే ఫోర్‌క్లోజర్ చార్జీ అంటారు.

భిలాయి మరోదా సెక్టార్లో ఉండే ఒక ప్లాంటు ఉద్యోగిని ఊహించుకోండి. కూతురి పెళ్లికి 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాడు. 12 శాతం స్థిర వడ్డీ, 60 నెలలు, నెలకి 11,122 రూపాయల ఈఎంఐ. 36 వాయిదాలు కట్టాక శ్రీకాకుళం వైపు ఊళ్లో పొలం వాటా అమ్మిన డబ్బు చేతికొచ్చింది. అసలు ఇంకా 2,36,270 ఉంది. కట్టాల్సిన వడ్డీ 30,658. ఆ వడ్డీ మిగిలిపోతుందని హుషారుగా బ్యాంకుకెళ్లాడు.

ఆఫీసరు కుర్చీ చూపించి చార్జీ చెప్పాడు. మిగిలిన అసలు మీద 4 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 11,152. మిగిలేది 19,506. మనవాడి మొహం చూసి జాలిపడి ఒక సలహా కూడా ఇచ్చాడు: "ఏడాది ఆగి రండి బాబూ, అసలు తగ్గుతుంది, చార్జీ సగమైపోతుంది."

మాట నిజమే! ఏడాది తర్వాత చార్జీ 5,908. కానీ అప్పటికి మిగిలే వడ్డీయే 8,285. లాభం 2,377కి దిగిపోతుంది. ఇంకొంచెం ఓపిక పట్టి ఆరు వాయిదాలుండగా వెళితే మరీ శోభ. వడ్డీ 2,275, చార్జీ 3,042. ముందుగా కట్టినందుకు 767 రూపాయలు ఎదురు సమర్పించుకోవాలి. చార్జీ అసలుతోపాటే తగ్గుతుంది. వడ్డీకి అసలూ తగ్గుతుంది, గడువూ తగ్గుతుంది, కాబట్టి అది ఇంకా వేగంగా కరిగిపోతుంది. ఈ లెక్కలో ఎనిమిది వాయిదాలే ఉన్నాయంటే ఇక కదలకపోవడమే మేలు.

మరి 24 వాయిదాలున్న ఈరోజు సంగతి? చార్జీ పోను ఆ డబ్బు ఏడాదికి 7.4 శాతం సంపాదించినట్టు. దానికి పన్ను లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ అంతకంటే తక్కువిస్తే, ఆపద సొమ్ము పక్కన పెట్టుకుని, ఇవాళే కట్టేయాలి.

రిజర్వు బ్యాంకు మన కష్టం చూడలేదని కాదు. 2026 జనవరి 1 నుంచి మంజూరైన అప్పుల్లో, వ్యాపారానికి కాక సొంత అవసరాలకు వ్యక్తులు తీసుకునే ఫ్లోటింగ్ రేటు అప్పులకి ఈ చార్జీ వేయకూడదంది. పర్సనల్ లోన్లేమో ఎక్కువగా స్థిర వడ్డీవే. కాబట్టి కరుణ మన వీధి దాకా వచ్చి పక్కింటి తలుపు తట్టింది. మనకి దక్కిన హక్కల్లా, ముందుగా చెప్పని చార్జీని తర్వాత వేయకూడదన్నది. అందుకే సంతకానికి ముందే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో ఆ అంకె వెతుక్కోవాలి.

ఆఫీసరు గారి ఓపిక సలహాలోనూ ఒక సత్యముంది. చార్జీ పూర్తిగా సున్నా అయ్యే శుభముహూర్తం ఒకటి ఖాయంగా ఉంది: అరవయ్యో ఈఎంఐ కట్టిన మర్నాడు.